మొత్తం 101 శాతం ఎందుకొచ్చింది?

ప్రశ్న: బడికి ఎలా వస్తారని 80 మంది పిల్లల్ని అడిగాం. నడిచి 27, సైకిల్‌పై 23, ఆటోలో 19, బస్సులో 11 మంది. శాతాలు కలిపితే 101 వస్తోంది. పై చార్ట్ గీస్తే చివరి భాగానికి చోటు సరిపోవడం లేదు. తప్పెక్కడ?
– ఓ తొమ్మిదో తరగతి విద్యార్థిని

జవాబు: మీ లెక్కింపు సరైనదే. శాతాలను ముందే పూర్ణాంకాలకు సవరించడం వల్ల వచ్చిన చిక్కిది. అసలు శాతాలు 33.75, 28.75, 23.75, 13.75. నాలుగూ పైకే జరిగి 34, 29, 24, 14 అయ్యాయి. అలా పెరిగిన ఒక్క శాతమే చార్ట్‌లో 3.6 డిగ్రీలు. అందుకే చివరి భాగం ఇరుకైంది.

కోణాలకు శాతాలతో పనే లేదు. 360ని 80తో భాగిస్తే ఒక్కొక్కరికి 4.5 డిగ్రీలు. దాంతో మీ సంఖ్యల్నే గుణించండి: 121.5, 103.5, 85.5, 49.5. కూడితే సరిగ్గా 360.

గీసేటప్పుడు ఒక్కో భాగాన్నీ పక్క గీత నుంచి కొలవకండి, చిన్న తేడాలు పోగవుతాయి. మొదటి గీత నుంచే 121.5, 225, 310.5 దగ్గర గుర్తులు పెట్టండి. కోణమానినిపై అర డిగ్రీని రెండు గీతల మధ్య అంచనాగా పెడితే చాలు.

శాతాల్ని మాత్రం రెండు దశాంశ స్థానాల వరకు రాయండి. ఒక్క స్థానమే ఉంచితే మొత్తం 100.2 అవుతుంది.

ఒకే విద్యార్థి రెండు జవాబులు చెప్పి ఉంటే పై చార్ట్ పనికిరాదు. అలాంటివి కనిపిస్తే సర్వే కాగితాలతో మీ లెక్కల టీచర్‌ని కలవండి.