ఒక్క పొట్టేలు, ఇరవై గొర్రెలు: చిన్న మందలో రక్తసంబంధం లెక్క

తెలంగాణ ప్రభుత్వం 2017లో ప్రారంభించిన గొర్రెల పంపిణీ పథకంలో ఒక యూనిట్ అంటే 20 ఆడ గొర్రెలు, 1 పొట్టేలు. దాటించడానికి ఆ ఒక్కటి సరిపోతుంది. అయితే ఆ మందలో పుట్టే పిల్లలన్నింటికీ తండ్రి కూడా అదే. చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

2017 జూన్‌లో గొర్రెలు చూడి కట్టాయనుకుందాం. గర్భకాలం సుమారు 150 రోజులు కాబట్టి నవంబరులో ఈనుతాయి. ఆ ఈతలోని ఆడపిల్లలు ఏడాది నిండే సరికి ఎదకు రావచ్చు. అప్పటికీ అదే పొట్టేలు మందలో ఉంటే తండ్రి కూతుళ్లనే దాటుతుంది. అలా పుట్టిన పిల్లలో ఏ జన్యు జతను తీసుకున్నా, రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన ఒకే ప్రతి నకళ్లు అయ్యే అవకాశం 25 శాతం. ఫలితంగా అంతవరకు దాగి ఉన్న లోపాలు బయటపడతాయి. పిల్లలు తక్కువ బరువుతో పుడతాయి, ఎక్కువగా చనిపోతాయి.

మందలోనే పుట్టిన మంచి పొట్టేలు పిల్లను తండ్రి స్థానంలో నిలపడం పరిష్కారం కాదు. తల్లితో కలిస్తే మళ్లీ 25 శాతమే. తండ్రి ఒకటై తల్లి వేరైన చెల్లెలితో కలిసినా 12.5 శాతం. అందుకే తొలి ఆడపిల్లలు ఎదకు రాకముందే, అంటే 2018 జూన్ సీజన్ ముగిశాక, పొట్టేలును మార్చాలి. మూడు మందల వాళ్లు కలిస్తే ఒకటో మంద పొట్టేలు రెండోదానికి, రెండోది మూడోదానికి, మూడోది ఒకటోదానికి వెళ్తుంది. ఆ మూడు పొట్టేళ్లు అన్నదమ్ములైతే ప్రయోజనం తగ్గుతుంది. అందుకే చెవి పోగు నంబరుతో తల్లిదండ్రుల వివరాలు రాసి ఉంచాలి. కొత్తగా వచ్చిన పొట్టేలుకు బ్రూసెల్లా రక్త పరీక్ష చేయించే వరకు దాన్ని విడిగా కట్టాలి.

వచ్చిన పొట్టేలు పనికొస్తుందా అన్నది తర్వాతి ప్రశ్న. శుక్రకణం తయారై బయటికి రావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. అంటే జూన్‌లో పనికొచ్చే శుక్రకణాల తయారీ ఏప్రిల్‌లోనే మొదలవుతుంది. మేతతో పాటు రోజుకు 300 నుంచి 500 గ్రాముల దాణా పెట్టడం అప్పుడే ఆరంభించాలి. వృషణాలు శరీరం కంటే 4, 5 డిగ్రీలు చల్లగా ఉంటేనే పని చేస్తాయి కనుక ఏప్రిల్, మే ఎండల్లో నీడ, నీళ్లు దాణా అంత ముఖ్యం. వృషణాలను తడిమి చూస్తే రెండూ సమానంగా, గట్టిగా ఉండాలి. గడ్డలు తగిలితే పశువైద్యుడికి చూపాలి.

చివరి పరీక్షకు ఖర్చు లేదు. పొట్టేలు రొమ్ముకు నూనెలో కలిపిన ఎర్రమన్ను పూస్తే అది దాటిన గొర్రె వెనుక భాగానికి రంగు అంటుతుంది. గొర్రె ఎద చక్రం 17 రోజులు. 17 రోజుల తర్వాత రంగు మార్చాలి. కొన్నింటికే రెండో రంగు పడితే సాధారణమే. ఎక్కువ గొర్రెలకు పడిందంటే అవి చూడి కట్టలేదు, లోపం పొట్టేలుదే కావచ్చు. వేరే పొట్టేలును తెచ్చుకోవడానికి అప్పటికి ఇంకా సీజన్ మిగిలే ఉంటుంది.