బ్యాంకు నిల్వ – నగదు పుస్తకం నిల్వ: తేడా ఎక్కడిది?

నెలాఖరున నగదు పుస్తకంలో బ్యాంకు నిల్వ ఒక అంకె చూపుతుంది, బ్యాంకు ఇచ్చిన స్టేట్‌మెంటు మరొక అంకె చూపుతుంది. ఈ రెండూ సరిపోకపోవడం తప్పు కాదు. సరిపోని మొత్తంలో ఏ పైసా ఎందుకు తేడా వచ్చినదో చెప్పలేకపోవడమే తప్పు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల సంఘాల కార్యదర్శుల కొరకు ఈ పాఠంలో బ్యాంకు నిల్వల సమన్వయ పట్టికను ఒక ఉదాహరణతో వివరిస్తున్నాము. ఉదాహరణలోని సంఘం ఊహించినది, అంకెలు పాఠం కొరకు వేసుకున్నవి.

మార్చి 31న మన సంఘపు నగదు పుస్తకం ప్రకారం బ్యాంకు నిల్వ రూ. 1,46,280. అదే రోజుకు బ్యాంకు స్టేట్‌మెంటు ప్రకారం నిల్వ రూ. 1,53,504. బ్యాంకులో రూ. 7,224 ఎక్కువ కనిపిస్తున్నది. ఎక్కువే ఉన్నది గదా అని సంతోషించి పుస్తకం మూసివేయరాదు. ఈ ఏడు వేల పైచిలుకు ఒకే తేడా కాదు. కొన్ని అటు, కొన్ని ఇటు లాగగా మిగిలిన శేషం మాత్రమే.

పనికి కూర్చునేముందు మూడు కాగితాలు దగ్గర ఉండాలి: మార్చి 1 నుంచి 31 వరకు పూర్తి స్టేట్‌మెంటు, నగదు పుస్తకం, ఫిబ్రవరి నెల సమన్వయ పట్టిక. ఈ మూడవదాన్ని చాలామంది తీయరు. కానీ పని మొదలుపెట్టవలసినది దానితోనే. ఫిబ్రవరిలో పెండింగు అని రాసిన ప్రతి పద్దు మార్చి స్టేట్‌మెంటులో వచ్చిందా లేదా చూడాలి. వచ్చినదానికి టిక్కు పెట్టాలి. రానిది ఎందుకు రాలేదో అప్పుడే అడగాలి. స్టేట్‌మెంటు ప్రారంభ నిల్వ ఫిబ్రవరి ముగింపు నిల్వతో కలుస్తున్నదో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. ఆ బ్యాంకులో ఖాతా ఉన్న సంఘాలు 2024 డిసెంబరు 31 ముగింపు నిల్వ, మరునాటి ప్రారంభ నిల్వ రెండూ కాగితం మీద చూసి దాఖలు చేసుకోవడం మంచిది.

తరువాత పద్దుకు పద్దు సరిచూడాలి. ఇక్కడ మొత్తాన్ని మాత్రమే చూసి టిక్కు పెట్టకూడదు. ఒకే పక్షంలో ఇద్దరు సభ్యులకు ఒకే మొత్తం రావడం అరుదు కాదు. చెక్కు అయితే చెక్కు నంబరు, బదిలీ అయితే యూటీఆర్ నంబరు కలవాలి. సభ్యుల పాల బిల్లును మనం ఒకే వోచరుగా రాస్తాము, బ్యాంకు మాత్రం ఒక్కొక్కరి పేరున విడివిడిగా ఖర్చు చూపవచ్చు. అలాంటి చోట చెల్లింపు జాబితా మొత్తాన్ని స్టేట్‌మెంటులోని ఆ వరుసల మొత్తంతో కలపాలి, ఆపైన పేర్లు లెక్కపెట్టాలి. మనకు వచ్చిన సొమ్ము మన పుస్తకంలో డెబిట్ అయితే బ్యాంకు పుస్తకంలో క్రెడిట్ అవుతుందనే సంగతి కొత్త గుమాస్తాకు ముందే చెప్పి ఉంచండి, లేకుంటే అరపూట తికమక పడతాడు.

ఇలా టిక్కులు పెట్టగా మన ఉదాహరణలో కొన్ని పద్దులు మిగిలాయి. ముందుగా బ్యాంకులో ఉండి మన పుస్తకంలో లేనివి చూద్దాము. మార్చి 22న రూ. 3,840 జమ ఉన్నది. ఇది ఎవరో పంపిన సొమ్ము కాదు. అదే రోజు ఒక సభ్యునికి పంపిన పాల బిల్లు, ఖాతా వివరాలు పొరపాటుగా ఉన్నందున తిరిగి వచ్చినది. మన పుస్తకం మాత్రం ఆయనకు చెల్లించేశామని చెబుతున్నది. సమన్వయం చేయని సంఘంలో ఆ సభ్యుడు వచ్చి గొడవపడేదాకా ఈ సంగతి తెలియదు, అప్పుడు కూడా కార్యదర్శి పుస్తకం చూపించి “పంపాము గదా” అంటాడు. కనుక రూ. 3,840 బ్యాంకు జమగా రాసి, సభ్యునికి చెల్లించవలసిన బాకీగా చూపి, ఖాతా వివరాలు సరిచేసి మళ్ళీ పంపాలి. బ్యాంకుల విలీనం తరువాత పాత వివరాలతోనే నడుస్తున్న సభ్యుల ఖాతాలను ఒకసారి పాసు పుస్తకంతో సరిచూసుకుంటే ఇలాంటి వాపసులు తగ్గుతాయి.

రెండవది, మార్చి మధ్యలో వచ్చిన పక్షం పాల బిల్లు. బిల్లు ప్రకారం రూ. 62,400 అని పుస్తకంలో జమ రాశారు. బ్యాంకుకు వచ్చినది రూ. 57,900. తక్కువ వచ్చిన రూ. 4,500 పశుదాణా బస్తాల కింద బిల్లులోనే కోత వేసినది. దీనిని కేవలం బ్యాంకు తేడాగా చూసి వదిలితే నష్టం మరొక చోట తేలుతుంది. దాణా అమ్మకం సొమ్ము పుస్తకంలో వస్తుంది, కొనుగోలు ఖర్చు రాదు. దాంతో దాణా వ్యాపారంలో లేని లాభం కనిపిస్తుంది. కనుక దాణా కొనుగోలు ఖాతాకు రూ. 4,500 ఖర్చు రాసి, బ్యాంకు నిల్వలో తగ్గించాలి. కోత వివరాలున్న బిల్లు కాగితమే దీనికి వోచరు.

మూడవది బ్యాంకు చార్జీలు రూ. 236, అంటే రూ. 200, దానిపై 18 శాతం జీఎస్టీ రూ. 36. దీని గురించి చెప్పవలసినది ఎక్కువ లేదు, ఖర్చు రాయాలి.

ఇక మన పుస్తకంలో ఉండి బ్యాంకులో లేనివి. దాణా వర్తకునికి మార్చి 28న ఇచ్చిన రూ. 18,500 చెక్కు ఇంకా బ్యాంకుకు రాలేదు. ఇది నిజమైన కాలపు తేడా. పుస్తకంలో మార్చనవసరం లేదు, బ్యాంకు నిల్వలోంచి తగ్గించి చూపితే చాలు. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కుల క్లియరింగు రోజంతా సాగే పద్ధతి మొదలైనందున బ్యాంకుల మధ్య ఆలస్యం బాగా తగ్గినది. కానీ వర్తకుడు చెక్కును జేబులోనే పెట్టుకుంటే క్లియరింగు ఎంత వేగంగా జరిగినా ప్రయోజనం లేదు.

డిసెంబరు 20 తేదీతో ఒక సభ్యునికి ఇచ్చిన రూ. 6,250 చెక్కు కూడా రాలేదు. చూడటానికి ఇదీ మొదటి దానివంటిదే, కానీ కాదు. 2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కు తేదీ నుంచి మూడు నెలలు దాటితే బ్యాంకు దానిని చెల్లించదు. కాబట్టి మార్చి 31 నాటికి ఈ చెక్కు కాలం చెల్లినది. దీనిని పెండింగు జాబితాలో మోసుకుంటూ పోరాదు. బ్యాంకు నిల్వకు తిరిగి రూ. 6,250 కలిపి, సభ్యునికి బాకీగా రాయాలి. ఆ సొమ్ము సంఘపు ఆదాయం కాదు. సభ్యుని దగ్గర నుంచి పాత చెక్కు తీసుకొని కొత్తది ఇవ్వాలి.

ఒక హోటలు ఇచ్చిన రూ. 9,600 చెక్కును మార్చి 31 సాయంత్రం బ్యాంకులో వేశారు. ఏప్రిల్ 1 బ్యాంకులకు సాలు ముగింపు సెలవు, ఏప్రిల్ 2న జమ అయినది. ఇది కూడా కాలపు తేడాయే. చివరగా, స్థానిక అమ్మకాల నగదు రూ. 7,300 మార్చి 26న బ్యాంకులో కట్టినట్లు పుస్తకంలో ఉన్నది, మార్చి స్టేట్‌మెంటులో లేదు. దీనిని ప్రస్తుతానికి కాలపు తేడాల పక్కన పెడదాము.

ఇప్పుడు కూడికలు చూడండి. బ్యాంకు నిల్వ 1,53,504లో రాని చెక్కు 18,500 తీసివేసి, 9,600, 7,300 కలిపితే 1,51,904. పుస్తకం నిల్వ 1,46,280కి 3,840, 6,250 కలిపి, 4,500, 236 తీసివేస్తే 1,51,634. ఇంకా రూ. 270 కలవలేదు. 270 తొమ్మిదితో భాగింపబడుతుంది. అలా భాగింపబడే తేడా తరచు రెండు అంకెలు తారుమారు రాసినందున వస్తుంది. ఇది సూచన మాత్రమే, రుజువు కాదు. చెక్కు నంబర్ల వెంట మళ్ళీ చూడగా ఒక చెక్కు బ్యాంకులో రూ. 5,470, మన పుస్తకంలో రూ. 5,740. నంబరు కలిసినదని టిక్కు పెట్టారు, మొత్తం చూడలేదు. కౌంటర్‌ఫాయిలు, వోచరు రెండూ 5,470 అనే చెబుతున్నవి. ఎక్కువగా రాసిన ఖర్చు రూ. 270 తిరిగి కలపగా పుస్తకం నిల్వ కూడా 1,51,904. ఈ 270ని దొరకలేదని ‘సర్దుబాటు’ పేరున కొట్టివేసే అలవాటు కొన్ని చోట్ల ఉన్నది. అది మానవలసినది, ఎందుకంటే చిన్న శేషం రెండు పెద్ద తప్పులు ఒకదానినొకటి కప్పుకున్నదై ఉండవచ్చు.

లెక్క కలిసినది. కానీ పని ముగియలేదు. కలిసిన ఈ లెక్కలోనే ఆ రూ. 7,300 ఉన్నది. దానిని కాలపు తేడాగా రాసినందువల్లనే పట్టిక కలిసినది. పట్టిక కలవడం ఆ సొమ్ము బ్యాంకుకు పోయినదని చెప్పదు.

కాలపు తేడా అనాలంటే ఆలస్యానికి ఒక మార్గం ఉండాలి. చెక్కుకు ఉన్నది. కౌంటరులో కట్టిన నగదుకు లేదు, అది కట్టిన రోజునే జమ పడుతుంది. మార్చి 26న నిజంగా కట్టి ఉంటే 26న కనిపించాలి. ఏప్రిల్ స్టేట్‌మెంటు తెప్పించగా 9వ తేదీన రూ. 7,300 నగదు జమ కనిపించినది. దీనితో కొందరు తృప్తిపడి టిక్కు పెడతారు. కానీ పద్నాలుగు రోజులు ఆ సొమ్ము ఎక్కడున్నది? బ్యాంకు ముద్ర ఉన్న చలానా కౌంటర్‌ఫాయిలు తీయించి తేదీ చూడాలి. తరువాత మార్చి 27 నుంచి ఏప్రిల్ 9 వరకు స్థానిక అమ్మకాల రిజిస్టరును, నగదు పుస్తకాన్ని, స్టేట్‌మెంటును పక్కపక్కన పెట్టాలి. ఏప్రిల్ మొదటి వారపు అమ్మకాల సొమ్ముతో మార్చి సొమ్మును పూడ్చి ఉంటే, ఇప్పుడు ఏప్రిల్ అమ్మకాల జమ ఆలస్యమవుతుంది. దానిని ఏప్రిల్ మూడవ వారపు సొమ్ముతో పూడుస్తారు. ప్రతి నెల పట్టికలో కొద్దిరోజుల ఆలస్యంతో ఒక నగదు జమ మిగులుతూ ఉంటే, పేరు మారినా వెలితి అదే. అది క్రమంగా పెరుగుతుంది కూడా.

వివరణ నిర్దోషమైనదే కావచ్చు. మార్చి 26న బ్యాంకుకు బయలుదేరి, సొమ్ము కట్టకుండానే పుస్తకం ముందుగా రాసి ఉండవచ్చు, ఆ సొమ్ము సంఘం పెట్టెలోనే ఉండి ఉండవచ్చు. అదే నిజమైతే ఆ రోజుల్లో పెట్టెలోని నగదు, పుస్తకం చూపే నగదు నిల్వకంటే సరిగ్గా రూ. 7,300 ఎక్కువ ఉండాలి. పాలకవర్గ సభ్యుడొకరు మధ్యలో నగదు లెక్కించి సంతకం చేసి ఉంటే ఈ మాట అక్కడికక్కడే తేలిపోతుంది. లెక్కించకుంటే తేలదు. అందుచేతనే నగదు తనిఖీ తేదీ ముందుగా చెప్పకుండా జరగాలని మేము కోరుతున్నాము. పట్టికను కూడా నగదు చేతబట్టే వ్యక్తి కాక మరొకరు వేయాలి, లేదా కనీసం అధ్యక్షుడు స్వయంగా బ్యాంకు నుంచి తెచ్చుకున్న స్టేట్‌మెంటుతో సరిచూడాలి. కార్యదర్శి చేతిరాతతో తెచ్చిన నిల్వ అంకె మీద సంతకం చేయరాదు.

వివరణ దొరికే వరకు ఈ రూ. 7,300ని పట్టికలో ‘రాని జమలు’ కింద కాక ‘విచారణలో ఉన్నవి’ అని విడిగా ఒక వరుసలో చూపాలి. పద్దు తేదీ, ఎవరు కట్టినట్లు రాశారో, చలానా ఉన్నదా లేదా, ఈ మూడూ పక్కన రాసి పాలకవర్గ సమావేశపు మినిట్సులో చేర్చాలి. 1964 సహకార సంఘాల చట్టం కింద ఉన్న సంఘాలలో సొమ్ము దుర్వినియోగమైతే సెక్షన్ 60 కింద సర్‌చార్జి విధించి రాబట్టవచ్చు. ఆ దశకు వస్తే ఆధారం ఈ వరుస, ఆ చలానా, ఆ మినిట్సు పేజీలే. ఏప్రిల్ నెల పట్టిక వేయడానికి కూర్చున్నప్పుడు రూ. 18,500 చెక్కు, రూ. 9,600 జమ, ఈ విచారణ పద్దు మూడింటినీ ముందుగా చూసి, ఆ తరువాతనే కొత్త పద్దులకు టిక్కులు మొదలుపెట్టాలి.