డబ్బు పంపారు సరే, దేనికో చెప్పారా?

ఒక అకౌంటెంట్ పనితనం తెలుసుకోవాలంటే అతను వెండర్‌కు పంపిన పేమెంట్ అడ్వైస్ మెయిల్ ఒకటి చదివితే చాలు. ‘డియర్ సర్, రూ. 1,47,850 మీ ఖాతాకు పంపడమైనది. దయచేసి చూసుకోగలరు’ అని ఉంటే, ఆ మనిషి తన సీటు వరకే ఆలోచించాడన్నమాట. పంపింది ఒకే మొత్తం, తీర్చింది మూడు బిల్లులు. మధ్యలో ఒక బిల్లు ఆపారు, ఇంకోదాంట్లో కోత పెట్టారు, అన్నింట్లో టీడీఎస్ మినహాయించారు. ఈ కథంతా పంపినవాడి కంప్యూటర్లో ఉంది. అవతలివాడి బ్యాంకు స్టేట్‌మెంట్లో మాత్రం ఒక్క వరుసే పడింది.

ఆ ఒక్క వరుస ఏం చేయగలదో లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్‌లో ఒక ఆఫీసు, దానికి ఏసీల మరమ్మతు చేసే ఒక భాగస్వామ్య సంస్థ ఉన్నాయనుకోండి. ఆ సంస్థ ఇచ్చిన నాలుగు బిల్లులు ఉన్నాయి. 118వ బిల్లు 47,200 రూపాయలు, 122వది 59,000, 127వది 76,700, 131వది 29,500. అన్నింట్లో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంది. 122వ బిల్లుకు సంతకం పెట్టిన సర్వీస్ రిపోర్టు రాలేదు కాబట్టి ఆఫీసు దాన్ని ఆపింది. 131వ దాంట్లో చేయని పనికి వేసిన 2,950 రూపాయలు తగ్గించింది. ఫర్మ్ కాబట్టి కాంట్రాక్టు పని మీద 2 శాతం టీడీఎస్ పట్టుకుంది. ఇక్కడ చాలామంది తడబడతారు. బిల్లులో జీఎస్టీ విడిగా చూపించినప్పుడు టీడీఎస్ పన్ను కలపని అసలు విలువ మీదే లెక్కించాలి. 118వ బిల్లు అసలు విలువ 40,000 కాబట్టి 800 రూపాయలు పోతుంది. 47,200 మీద లెక్కేస్తే 944 వస్తుంది, అది తప్పు.

ఇప్పుడు వెండర్ ఆఫీసులో కూర్చున్న అమ్మాయి దగ్గరికి వెళ్దాం. 1,47,850 జమ అయింది, వివరం లేదు. ఆమె పాత బిల్లు నుంచి తీర్చుకుంటూ వస్తుంది. 118కి 47,200, 122కి 59,000 పోగా 41,650 మిగిలింది. దాన్ని 127కి వేసేసింది. ఇక ఆమె పుస్తకంలో 127వ బిల్లు మీద 35,050, 131వ బిల్లు మీద మొత్తం 29,500 కలిపి 64,550 బాకీ. మీ పుస్తకంలో బాకీ ఉన్నది 122వ బిల్లు ఒక్కటే, 59,000. మీరు ఆపిన బిల్లు ఆమె దగ్గర తీరిపోయింది, మీరు తీర్చిన బిల్లులు ఆమె దగ్గర ఆగిపోయాయి.

రెండు నెలల తర్వాత ఫోన్ వస్తుంది. ‘సార్, మీ దగ్గర అరవై నాలుగు వేల పైచిలుకు పెండింగ్ ఉందండీ’ అంటుంది ఆమె. ‘మా దగ్గర ఒక్క బిల్లే ఉందమ్మా, అది కూడా రిపోర్టు రాక ఆగింది’ అంటారు మీరు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. తేడా 5,550. అందులో 2,600 టీడీఎస్, 2,950 కోత. ఈ రెండు అంకెలు బయటపడటానికి ఇద్దరూ రెండు లెడ్జర్లు పక్కపక్కన పెట్టుకుని ఒక పూట కూర్చోవాలి. ఆ పూట జీతం ఎవరూ ఏ ఖాతాలోనూ రాయరు కాబట్టి అది నష్టంగా కనిపించదు.

‘దేనికిచ్చామో మాకు తెలుసుగా, వాళ్లెలా రాసుకుంటే ఏం’ అనే ధీమా కొందరిది. చట్టం అలా అనలేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 59, 60, 61 సెక్షన్లు సరిగ్గా ఈ సంగతి గురించే ఉన్నాయి. ఒకే మనిషికి పలు బాకీలున్నవాడు డబ్బు ఇస్తూ ఇది ఫలానా బాకీకి అని చెబితే, తీసుకున్నవాడు దాన్ని ఆ బాకీకే జమ కట్టాలి. ఏమీ చెప్పకుండా ఇస్తే, సందర్భాన్ని బట్టి కూడా తెలియకపోతే, ఏ బాకీకి జమ వేసుకోవాలన్నది తీసుకున్నవాడి ఇష్టం. కాలదోషం పట్టిన బాకీకి కూడా వేసుకోవచ్చు. ఇద్దరూ తేల్చకపోతే పాతదాని నుంచి వరుసగా తీరుతుంది. అంటే ఎంపిక హక్కు మొదట మీది. వివరం లేని మెయిల్ పంపినప్పుడు దాన్ని మీరే చేతులారా ఎదుటివాడికి అప్పగిస్తున్నారు. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ మాట చెల్లింపుతో పాటే చెప్పాలి. అతను ఒకసారి జమ వేసుకున్నాక, వారం పోయి ‘అది 127కి’ అంటే వినాల్సిన పని అతనికి లేదు. కాబట్టి ఈ మెయిల్‌కు డబ్బు వెళ్లిన రోజే గడువు.

మెయిల్‌లో ఏముండాలో చెప్పడానికి సూత్రాలక్కర్లేదు, చూపిస్తే సరిపోతుంది.

```
Payment Advice | SE/25-26/118, 127, 131 | Rs 1,47,850 | 12-09-2025

బిల్లు నంబరు    తేదీ         బిల్లు    టీడీఎస్   కోత     చెల్లింపు
SE/25-26/118   04-08-2025   47,200    800       0   46,400
SE/25-26/127   22-08-2025   76,700  1,300       0   75,400
SE/25-26/131   01-09-2025   29,500    500   2,950   26,050
మొత్తం                    1,53,400  2,600   2,950 1,47,850

కోత: 131లో చేయని పనికి వేసిన మొత్తం, మీ క్రెడిట్ నోట్ రావాలి
ఆపినది: SE/25-26/122, రూ. 59,000, సంతకం ఉన్న సర్వీస్ రిపోర్టు రావాలి
```

దీని కింద యూటీఆర్ నంబరు, జమ అయిన ఖాతా చివరి నాలుగు అంకెలు రాస్తే పని పూర్తయింది. పొగడ్తలు, ‘మీ అమూల్య సహకారం’ లాంటివి వద్దు. ఆ అమ్మాయికి కావాల్సింది ఈ ఆరు గడులే.

బిల్లు నంబరు దగ్గర కాస్త ఆగాలి. నాసిరకం అడ్వైసులన్నిటి రోగం అక్కడే ఉంటుంది. మీ సాఫ్ట్‌వేర్ ప్రతి బిల్లుకూ సొంత వోచర్ నంబరు ఇస్తుంది. రిపోర్టు తీసి యథాతథంగా పంపితే వెండర్‌కు వెళ్లేది ఆ నంబరే. అది అతను ఎన్నడూ చూడనిది. అతని బిల్లు మీద ఎలా ఉందో అలాగే, గీతలూ సున్నాలతో సహా రాయాలి. వట్టి ‘118’ అన్నా చాలదు. జీఎస్టీ నిబంధన ప్రకారం బిల్లు నంబరు ఒక ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు, అంతే. ఏప్రిల్‌లో వరుస మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టే సంస్థలు బోలెడు. పోయినేడాది 118 కూడా ఎక్కడో ఉండొచ్చు. తేదీ గడి ఉన్నది అందుకే. ఆ నంబరు సరిగ్గా ఉంటే వెండర్ వైపు ట్యాలీలో రసీదు కొట్టేటప్పుడు ‘Agst Ref’ ఎంచుకుని ఆ బిల్లు మీదకే జమ వేస్తారు. లేకపోతే ‘On Account’ అని కొట్టి ముందుకు పోతారు. ఏ బిల్లుకూ అతకని ఆ సొమ్ము లెడ్జర్లో వేలాడుతూనే ఉంటుంది. మీ వెండర్ల స్టేట్‌మెంట్లలో ‘On Account’ వరుసలు ఎక్కువగా కనిపిస్తుంటే తప్పు వాళ్లదే అనుకోకండి, ముందు మీ మెయిళ్లు తీసి చూడండి.

టీడీఎస్‌కు విడి గడి పెట్టడంలో ఇంకో లాభముంది. ఆ 2,600 వెండర్ డబ్బే, ప్రభుత్వం దగ్గర అతని పేరు మీద ఉండాల్సిన డబ్బు. అతను ఆ అంకెను పట్టుకుని తన ఫారం 26ఏఎస్‌తో సరిచూసుకుంటాడు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పట్టినది మీరు అక్టోబరు 31లోగా వేసే రిటర్ను తర్వాత అక్కడ కనిపించాలి. కోతతో కలిపి ‘మినహాయింపులు 5,550’ అని ఒకే ముద్దగా రాస్తే, అందులో తనకు తిరిగొచ్చేదెంతో, పోయిందెంతో అతనికి తెలియదు. అప్పుడు మళ్లీ ఫోన్.

ఆపిన బిల్లు గురించి రాయడానికి జంకేవాళ్లుంటారు. ‘ఎందుకు గుర్తుచేయడం’ అని. నా ఉద్దేశంలో ఈ మెయిల్ మొత్తంలో విలువైనది ఆ ఒక్క వాక్యమే. ఏం తెచ్చిస్తే డబ్బు వస్తుందో అందులో ఉంది. అయితే అభ్యంతరం మొదటిసారి వినిపించే చోటు ఇది కాకూడదు. వెండర్ సూక్ష్మ, చిన్న పరిశ్రమగా నమోదైన సంస్థ అయితే, పని అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. లేకపోతే పని అందిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క, చెల్లింపు గడువు అప్పటి నుంచే నడుస్తుంది. ఒప్పందం ఏం చెప్పినా ఆ గడువు 45 రోజులు దాటదు. మన ఉదాహరణలో ఆగస్టు బిల్లు గురించి సెప్టెంబరు 12న కొత్తగా పేచీ పెడితే పనికిరాదు. ముందే రాసి ఉండాలి, ఇక్కడ గుర్తుచేయాలి.

ఇక ఎప్పుడు పంపాలి? ఒకేసారి రెండొందల మందికి పేమెంట్ ఫైలు అప్‌లోడ్ చేసే ఆఫీసుల్లో, అప్‌లోడ్ కాగానే మెయిళ్లు పోయేలా పెట్టుకుంటారు. చూడటానికి చురుకుగానే ఉంటుంది. కానీ ఫైలు ఎక్కడం వేరు, డబ్బు వెళ్లడం వేరు. ఐఎఫ్‌ఎస్‌సీ తప్పున్న వరుసలను బ్యాంకు అక్కడే తిప్పికొడుతుంది. వాటికీ ‘పంపడమైనది’ అని మెయిల్ వెళ్లిపోయి ఉంటుంది. యూటీఆర్ వచ్చాకే పంపండి. నెఫ్ట్ అయితే 16 అక్షరాలు, రెండు లక్షల నుంచి పైకి వాడే ఆర్‌టీజీఎస్ అయితే 22 ఉంటాయి. ఒక్క అక్షరం తగ్గినా ఎక్కడో కాపీ చెడిందని తెలిసిపోతుంది. ఎక్సెల్‌లో పొడవాటి అంకెల గడిని ముందే టెక్స్ట్‌గా మార్చకపోతే చివరి అంకెలు సున్నాలైపోతాయి. వట్టి అంకెలతో ఉండే రిఫరెన్సుల విషయంలో అది చూసుకోవాలి.

యూటీఆర్ ఉందంటే జమ అయిందనీ కాదు. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి రాత్రీ పగలూ అరగంటకో బ్యాచ్‌గా నడుస్తోంది. ఖాతా మూతపడిందనో మరో కారణం చేతనో జమ వేయలేకపోతే, బ్యాచ్ ముగిసిన రెండు గంటల్లోగా అవతలి బ్యాంకు డబ్బు తిప్పి పంపాలి. తిరిగొచ్చిన డబ్బుకు కూడా యూటీఆర్ ఉంటుంది. కాబట్టి సాయంత్రం ఒకసారి మీ స్టేట్‌మెంట్లో వాపసులు చూసి, ఉంటే అదే మెయిల్‌కు జవాబుగా ‘పై యూటీఆర్ వాపసు వచ్చింది, జమ వేసుకోవద్దు’ అని రాయండి. మళ్లీ పంపినప్పుడు కొత్త నంబరు అక్కడే ఇవ్వండి. కొత్త మెయిల్ మొదలుపెడితే వాళ్లు రెండుసార్లు జమ వేసుకునే ప్రమాదముంది.

ఎవరికి పంపాలన్నది చిన్న విషయమే గాని చాలాచోట్ల తప్పుతుంది. ఆర్డరు తీసుకెళ్లిన సేల్స్ మనిషి ఐడీయే మాస్టర్లో ఉండిపోతుంది. అతను ఉద్యోగం మారతాడు, మెయిళ్లు ఎవరూ తెరవని పెట్టెలో పడుతుంటాయి. వెండర్‌ను నమోదు చేసుకునేటప్పుడే అకౌంట్స్ విభాగం ఐడీ అడిగి తీసుకోండి.

మోసగాళ్లకు కూడా ఈ మెయిల్ అంటే ఇష్టమే. ‘పేమెంట్ అడ్వైస్ జతచేశాం’ అంటే ఎవరైనా తెరుస్తారు కదా. అందుకని అసలు వివరాలు అటాచ్‌మెంట్లో దాచకుండా మెయిల్లోనే రాయండి. వరుసలు మరీ ఎక్కువైతేనే ఎక్సెల్ జతచేయండి. పూర్తి ఖాతా నంబరు రాయకండి. ముఖ్యంగా దీనికి జవాబుగా ‘మా బ్యాంకు మారింది, ఇకపై ఈ ఖాతాకు పంపండి’ అని వస్తే దాని మీద ఏ చర్యా తీసుకోకండి. ఆ మెయిల్లో ఇచ్చిన నంబరుకు కాకుండా, మీ రికార్డుల్లో మొదటి నుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి.