ఈ-ఇన్వాయిస్: కొనుగోలుదారుని చేతికి అందకముందే సంఖ్య పొందే బిల్లు

వస్తువు అమ్మినవాడు బిల్లు వ్రాసి కొన్నవానికి ఇవ్వడం, ఆ తరువాత నెలాఖరున లెక్కలు కూర్చి పన్ను శాఖకు విన్నవించడం చిరకాలంగా సాగిన పద్ధతి. అందులో బిల్లు వ్రాసిన క్షణానికి, ప్రభుత్వానికి అది తెలిసే క్షణానికి మధ్య వారాల వ్యవధి ఉండేది. లేని సరుకుకు బిల్లు పుట్టించడానికీ, ఒకే సంఖ్యతో రెండు బిల్లులు నడపడానికీ ఆ వ్యవధిలోనే అవకాశం దొరికేది. చిలీ, మెక్సికో, బ్రెజిల్ వంటి లాటిన్ అమెరికా దేశాలు ఈ క్రమాన్ని తలక్రిందులు చేశాయి. అక్కడ బిల్లు వివరాలు ముందుగా పన్ను యంత్రాంగానికి గాని, అది గుర్తించిన సంస్థకు గాని చేరాలి. అక్కడినుండి ఆమోదం వచ్చిన పిమ్మటనే అది బిల్లుగా చెల్లుతుంది. దీనినే ముందస్తు ఆమోద పద్ధతి, అనగా క్లియరెన్స్ విధానం అంటారు.

భారతదేశంలో జీఎస్‌టీ క్రింద ఈ విధానం 2020 అక్టోబరు 1న మొదలయింది. తొలుత 500 కోట్ల రూపాయలకు మించిన టర్నోవరు గల సంస్థలకే ఇది వర్తించింది. ఆ పరిమితి క్రమంగా తగ్గి, 2023 ఆగస్టు 1 నుండి 5 కోట్లకు దిగింది. 2017-18 మొదలుకొని గడచిన ఏ ఒక్క ఆర్థిక సంవత్సరంలోనైనా టర్నోవరు 5 కోట్లు దాటి ఉంటే, ఆపైన వ్యాపారం తగ్గినప్పటికీ, ఆ విక్రేత ఈ నియమం పరిధిలోనే ఉంటాడు. నమోదైన మరొక వ్యాపారికి అమ్మే సరుకుకూ సేవకూ, ఎగుమతులకూ ఇది అవసరం. అంగడికి వచ్చి స్వంత వాడకానికి కొనుక్కొనే సామాన్యునికి ఇచ్చే బిల్లుకు అవసరం లేదు.

సంఖ్య ఎలా పుడుతుంది

షోలాపురంలో తువ్వాళ్ళు నేయించి టోకున అమ్మే ఒక సంస్థ బళ్ళారిలోని ఒక చిన్న వస్త్ర వ్యాపారికి సరుకు పంపుతున్నదనుకొందాం. విక్రేత టర్నోవరు 5 కోట్లకు పైన, కొనుగోలుదారుని టర్నోవరు కోటికి లోపు. సరుకు 2,400 తువ్వాళ్ళు, ఒక్కొక్కటి 80 రూపాయలు. విలువ 1,92,000 రూపాయలు. మహారాష్ట్రనుండి కర్ణాటకకు పోయే సరుకు కనుక 5 శాతం చొప్పున ఐజీఎస్‌టీ 9,600 రూపాయలు. వెరసి 2,01,600 రూపాయలు. ఇన్వాయిస్ సంఖ్య TW/118.

విక్రేత గుమాస్తా తన లెక్కల సాఫ్ట్‌వేరులో ఈ వివరాలు నింపగానే, అవి నిర్ణీతమైన ఒక నమూనాలో ఇన్వాయిస్ రిజిస్ట్రేషన్ పోర్టల్‌కు చేరుతాయి. ఇరుపక్షాల జీఎస్‌టీ నమోదు సంఖ్యలు సరిగా ఉన్నవా, తప్పనిసరి గడులన్నీ నిండినవా, పన్ను లెక్క పొందుతున్నదా, ఇదే ఇన్వాయిస్ ఇంతకుముందే నమోదైనదా అన్నవి పోర్టల్ చూస్తుంది. అన్నీ సరిపోతే 64 అక్షరాంకెల పొడవు గల ఒక సూచన సంఖ్యను, అనగా ఐఆర్‌ఎన్‌ను ఇస్తుంది. దానితోపాటు తన డిజిటల్ సంతకం గల క్యూఆర్ కోడ్‌ను కూడ పంపుతుంది. ఇదంతా సాధారణంగా క్షణాలలో ముగుస్తుంది. ఆ కోడ్‌ను ముద్రించిన పిమ్మటనే ఇన్వాయిస్ బళ్ళారికి పోవాలి.

పోర్టల్ ఇన్వాయిస్‌ను నమోదు చేస్తుందే కాని, కొనుగోలుదారునికి పంపదు. పంపవలసినది ఎప్పటివలె విక్రేతయే. అట్లే సరుకు నిజంగా లారీ ఎక్కినదా, తువ్వాళ్ళు 2,400 ఉన్నవా అన్నది కూడ పోర్టల్‌కు తెలియదు. ఐఆర్‌ఎన్ ఉన్నంత మాత్రాన వ్యవహారం నిజమని ప్రభుత్వం పూచీపడినట్లు కాదు.

సంఖ్య చెప్పేదీ, చెప్పనిదీ

ఐఆర్‌ఎన్ యాదృచ్ఛికంగా పుట్టే అంకెల వరుస కాదు. విక్రేత జీఎస్‌టీ నమోదు సంఖ్య, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, పత్రం సంఖ్య అనే నాలుగు వివరాలను కలిపి, SHA-256 అనే గణిత సూత్రంతో మార్చగా వచ్చే ఫలితమది. ఆ నాలుగూ ఒకటే అయితే ఫలితం కూడ ఎల్లప్పుడూ ఒకటే. కనుక అదే సంవత్సరంలో TW/118 పేరిట రెండవ ఇన్వాయిస్ పంపితే పాత ఐఆర్‌ఎన్ మళ్ళీ పుడుతుంది. పోర్టల్ దానిని నకలుగా గుర్తించి త్రిప్పివేస్తుంది. 2025 జూన్ 1 నుండి ఇంగ్లీషు చిన్నబడి, పెద్దబడి అక్షరాల తేడాను కూడ పోర్టల్ లెక్కచేయడం లేదు. tw/118 అని వ్రాసినా TW/118 అని వ్రాసినా ఒకటే.

ఆ నాలుగు వివరాలలో కొనుగోలుదారుని పేరు లేదు, సొమ్ము లేదు. అంటే ఇన్వాయిస్ కాగితం మీద 2,01,600ను ఎవరైనా 3,01,600గా దిద్దినప్పటికీ ఐఆర్‌ఎన్ అదే ఉంటుంది. ఆ మార్పును పట్టియిచ్చేది క్యూఆర్ కోడ్. అందులో ఇరుపక్షాల జీఎస్‌టీ సంఖ్యలు, ఇన్వాయిస్ సంఖ్య, తేదీ, మొత్తం విలువ, సరుకు పద్దుల సంఖ్య, ముఖ్యమైన సరుకు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, ఐఆర్‌ఎన్ ఉంటాయి. పోర్టల్ సంతకం క్రింద ఉన్నందున వాటిని మార్చడం కుదరదు. మామూలు స్కానరుతో చూస్తే అర్థంకాని అక్షరాల వరుస కనిపిస్తుంది. E-Invoice QR Code Verifier అనే అధికారిక యాప్‌తో చూస్తే సంతకం సరియైనదో కాదో తేలి, వివరాలు చదవడానికి వస్తాయి. వాటిని కాగితంతో పోల్చి చూడడమే అసలైన పరీక్ష.

పొరపాటు దొరలితే

షోలాపురంలో లారీకెక్కినవి నిజానికి 2,040 తువ్వాళ్ళే. గుమాస్తా అంకెలు తారుమారై 2,400గా నమోదు చేశాడు. సోమవారం ఉదయం 11 గంటలకు ఐఆర్‌ఎన్ వచ్చింది. పోర్టల్‌లో నమోదైన ఇన్వాయిస్‌ను దిద్దడానికి వీలులేదు. 24 గంటలలోపు అయితే మొత్తంగా రద్దు చేయవచ్చు. ఒక పద్దును మాత్రమే రద్దు చేయడం కుదరదు. చెల్లుబాటులో ఉన్న ఈ-వే బిల్లు దానితో ముడిపడి ఉంటే, ముందుగా దానిని రద్దుచేయాలి. రద్దయిన TW/118 సంఖ్యను మళ్ళీ వాడలేరు గనుక, సరియైన ఇన్వాయిస్‌కు TW/119 వంటి క్రొత్త సంఖ్య వేయాలి.

బళ్ళారి వ్యాపారి మూటలు విప్పి లెక్కించేసరికి మంగళవారం సాయంత్రం 5 గంటలు అయింది. అప్పటికి 30 గంటలు గడిచాయి. రద్దుకు దారి మూసుకొనిపోయింది. ఇక విక్రేత తగ్గిన 360 తువ్వాళ్ళకు క్రెడిట్ నోట్ ఇవ్వాలి. వాటి విలువ 28,800 రూపాయలు, పన్ను 1,440 రూపాయలు, వెరసి 30,240 రూపాయలు. ఆ క్రెడిట్ నోట్‌కు కూడ పోర్టల్ నుండి వేరే ఐఆర్‌ఎన్ తీసుకోవాలి. అప్పుడు కొనుగోలుదారుడు ఇవ్వవలసినది 1,71,360 రూపాయలు; అతడు తన పన్నులో జమ చేసుకోదగినది 8,160 రూపాయలు.

ఆలస్యానికి కూడ హద్దు ఉంది. 10 కోట్లు, అంతకు మించిన టర్నోవరు గలవారి ఇన్వాయిస్ తేదీ నుండి 30 రోజులు దాటితే, 2025 ఏప్రిల్ 1 నుండి పోర్టల్ దానిని స్వీకరించదు.

కొనుగోలుదారుని బాధ్యత

ఐఆర్‌ఎన్ తీసుకోవలసినవాడు విక్రేత. అది లేకపోతే నష్టం మాత్రం కొనుగోలుదారుని తలుపు తట్టుతుంది. కేంద్ర జీఎస్‌టీ నియమాలలో 48వ నియమం 5వ ఉపనియమం ప్రకారం, ఐఆర్‌ఎన్ పొందవలసిన వ్యాపారి అది లేకుండా ఇచ్చిన ఇన్వాయిస్‌ను ఇన్వాయిస్‌గా పరిగణించరు. చెల్లుబాటయ్యే ఇన్వాయిస్ చేతిలో లేనిదే కొనేటప్పుడు కట్టిన పన్నును జమ చేసుకొనే హక్కు రాదు. బళ్ళారి వ్యాపారి 9,600 రూపాయల పన్నును విక్రేతకు చెల్లించి కూడ, ఆ జమను పోగొట్టుకొనే ప్రమాదం ఉంది. తన టర్నోవరు 5 కోట్లకు లోపని నిశ్చింతగా ఉండడానికి వీలులేదు. చూడవలసినది విక్రేత టర్నోవరు.

ఎదుటివారి టర్నోవరు ఎంతో కొనుగోలుదారునికి తెలియకపోవచ్చు. విక్రేత జీఎస్‌టీ సంఖ్యను einvoice.gst.gov.in లో నమోదు చేసి చూస్తే, ఈ-ఇన్వాయిస్‌కు అతని పేరు చేర్చబడినదో లేదో తెలుస్తుంది. చేర్చబడి ఉండి, బిల్లు మీద క్యూఆర్ కోడ్ లేకపోతే, సొమ్ము చెల్లించకముందే కారణం అడగాలి. బ్యాంకులు, బీమా సంస్థలు, సరుకు రవాణా సంస్థలు, ప్రయాణికుల రవాణా సంస్థల వంటి కొన్నింటికి మినహాయింపు ఉంది. పరిమితి దాటియూ మినహాయింపు గల విక్రేత, ఈ విధంగా ఇన్వాయిస్ ఇవ్వనవసరం లేదన్న ప్రకటనను బిల్లు మీదనే వ్రాయాలి. కోడూ లేక, ప్రకటనా లేక, "సంఖ్య తరువాత వస్తుంది" అన్న మాట మాత్రమే ఉన్న కాగితాన్ని తుది ఇన్వాయిస్‌గా లెక్కలలో చేర్చకూడదు.

స్థానిక సంస్థల బిల్లులు

నగరపాలక సంస్థల వంటి స్థానిక సంస్థలు తాము ఇచ్చే బిల్లులకు ఐఆర్‌ఎన్ తీసుకోనవసరం లేదు. ఆ మినహాయింపు 2021 జూన్ 1 నుండి అమలులో ఉంది. అయితే అది స్థానిక సంస్థ విక్రేతగా ఉన్నప్పుడు మాత్రమే. వీధిదీపాలు సరఫరా చేసే గుత్తేదారు, కాలువ పనులు చేసే గుత్తేదారు నగరపాలక సంస్థకు బిల్లు పెట్టినప్పుడు అక్కడ విక్రేత గుత్తేదారు. అతని టర్నోవరు 5 కోట్లు దాటి ఉంటే, ఆ బిల్లుకు ఐఆర్‌ఎన్ ఉండాలి. గుత్తేదారుల బిల్లులనుండి పన్ను మినహాయించే నిమిత్తం మాత్రమే జీఎస్‌టీ నమోదు పొందిన ప్రభుత్వ కార్యాలయాలకూ, స్థానిక సంస్థలకూ ఇది వర్తిస్తుందని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2023 జూలై 17 నాటి సర్క్యులరులో స్పష్టం చేసింది. కనుక ప్రభుత్వ కార్యాలయానికి ఇచ్చే బిల్లే కదా అని క్యూఆర్ కోడ్ లేకుండా తెచ్చే గుత్తేదారు, ముందుగా పోర్టల్‌లో ఆ ఇన్వాయిస్‌ను నమోదు చేయించుకొని, సంకేతాన్ని ముద్రించిన ప్రతినే లెక్కల విభాగానికి సమర్పించవలసి ఉంటుంది.