జర్మనీ వెళ్లే అబ్బాయికి నెయ్యి సర్దవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఎంఎస్‌కు జర్మనీ వెళ్తున్నాడు. మేం గుడ్డు కూడా ముట్టం. నెయ్యి, కరివేపాకు, పప్పులు సర్దాను. తక్కువ ఖర్చుతో ఎలా వండుకోవాలి?
– ఒక తల్లి, పుంగనూరు

జవాబు: అమ్మా, నెయ్యి తీసేయండి. బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలు తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. దొరికితే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. పచ్చి కరివేపాకుకూ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు కాబట్టి నీడలో ఎండబెట్టి పొడి చేసి ఇవ్వండి. నెయ్యి అక్కడే కాచుకోవచ్చు. ఉప్పు లేని వెన్న పావుకిలో సన్నమంటపై కాస్తే సుమారు రెండు వందల గ్రాములు వస్తుంది.

పప్పు కోసం బరువు మోయనక్కర్లేదు. ఎర్ర మైసూరు పప్పు అక్కడి మామూలు సూపర్ మార్కెట్లలో దొరుకుతుంది. కందిపప్పులా కుక్కర్ అడగదు. మూడింతల నీళ్లలో పావుగంట, ఇరవై నిమిషాల్లో మెత్తబడుతుంది. పూటకు గుప్పెడు పప్పు, టమాటా, మీ కరివేపాకు పొడి చాలు. బియ్యం, శనగలు టర్కీ దుకాణాల్లో పెద్ద సంచుల్లో కొంటే కలిసొస్తుంది. సంగటికి రాగిపిండి మాత్రం ఇక్కడినుంచే పంపండి.

అసలు జాగ్రత్త చీజ్ దగ్గర కావాలి. చాలా రకాల్లో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వేస్తారు. దాన్ని చీజ్ ప్యాకెట్‌పై రాయాలన్న నిబంధన కూడా లేదు. పార్మెజాన్‌లో అది తప్పక ఉంటుంది. ‘మిక్రోబియెల్లెస్ లాబ్’ అని రాసి ఉంటే సూక్ష్మజీవుల నుంచి తీసినది, తినవచ్చు. జెల్లీ మిఠాయిల్లో, కొన్ని పెరుగు డెజర్టుల్లో ‘జెలటీనె’ అని ఉంటే వదిలేయమనండి. సాదా పెరుగు రోజూ తినమనండి, శాకాహారికి బీ12 అందేది ప్రధానంగా పాలు, పెరుగుల నుంచే.