పోటీ పరీక్షల ప్రత్యేకం: యజమాని మరణిస్తే అద్దె ఎవరికి?

“మావారు మరణించారు. ఇల్లు నాకు సంక్రమించింది. ఇకపై అద్దె నా బ్యాంకు ఖాతాలో జమచేయండి” అని యజమాని భార్య లేఖ రాస్తే సరిపోతుందా?

వారసత్వం: హిందూ వారసత్వ చట్టం–1956 ప్రకారం, వీలునామా లేకుంటే భర్త స్వార్జితంలో భార్య, తల్లి, ప్రతి కుమారుడు, ప్రతి కుమార్తె సమాన వాటాదారులు. తల్లి లేక, ఇద్దరు పిల్లలుంటే భార్యకు మూడో వంతే. పూర్తి హక్కుకు వీలునామాగానీ, మిగతావారి హక్కు విడుదల దస్తావేజుగానీ ఉండాలి. అద్దెదారు లేఖతోపాటు ఆ పత్రం నకలు అడగాలి.

అద్దెదారు రక్షణ: ఆస్తి బదిలీ చట్టం–1882, సెక్షన్ 50. తాను ఎవరి కింద అద్దెకున్నాడో వారికి సద్భావంతో చెల్లిస్తే, తర్వాత వారికి హక్కు లేదని తేలినా మళ్లీ చెల్లించనక్కర్లేదు. ఇతర వారసుల అభ్యంతరం తెలిశాక చెల్లిస్తే సద్భావం నిరూపించడం కష్టం.