రోజంతా సైకిలు తొక్కేవారికి తిండి, నీరు

మన డెల్టాలో సైకిలు కొత్త వస్తువు కాదు. అయితే తెల్లవారుజామున బయలుదేరి సాయంత్రం దాకా నూట యాభై, రెండు వందల కిలోమీటర్లు తొక్కే యువకులు ఇప్పుడు చాలా ఊళ్ళలో కనిపిస్తున్నారు. ఫ్రాన్సులో పుట్టిన ‘బ్రెవే’ పద్ధతిలో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి. ఇలాంటి ప్రయాణాలు హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ జరుగుతున్నాయి. మీ అబ్బాయో, తమ్ముడో, భర్తో ఇటువంటి ప్రయాణానికి సిద్ధమవుతుంటే ఇంట్లోవారు తెలుసుకోవలసిన విషయాలు ఈ పాఠంలో ఉన్నాయి.

అందరూ చెప్పే సలహా ఒకటే: “దాహం వేసినా వేయకపోయినా నీళ్ళు బాగా తాగు.” ఇది సగమే నిజం. నీళ్ళు తక్కువైతే ప్రమాదం, కాని ఉప్పు లేని నీళ్ళు మరీ ఎక్కువైనా ప్రమాదమే. అందుచేత ఎంత తాగాలో ముందుగా కొలిచి తెలుసుకోవాలి.

చెమటను కొలవడం ఎలా?

దీనికి బరువు చూసే మెషిన్ ఒకటి చాలు. ప్రయాణానికి వారం ముందు, ఎండ కొద్దిగా ఉన్న వేళలో ఒక గంట సైకిలు తొక్కాలి. బయలుదేరే ముందు మూత్రానికి వెళ్ళివచ్చి తక్కువ బట్టలతో బరువు చూడాలి. తిరిగి వచ్చాక ఒళ్ళు తుడుచుకుని మళ్ళీ చూడాలి. తగ్గిన బరువుకు మధ్యలో తాగిన నీళ్ళు కలిపితే ఆ గంటలో పోయిన చెమట ఎంతో తెలుస్తుంది. ఒక కిలో బరువు ఒక లీటరు నీటితో సమానం.

ఉదాహరణకు 65 కిలోల యువకుడిని తీసుకుందాం. గంట తొక్కాక అతని బరువు 64 కిలోల 500 గ్రాములకు తగ్గింది. మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగాడు. అంటే పోయిన చెమట 800 మిల్లీలీటర్లు. పోయినదంతా దారిలోనే పూరించనవసరం లేదు. నాలుగింట మూడు వంతులు చాలు, మిగిలినది ఇంటికి వచ్చాక తాగవచ్చు. కనుక ఇతనికి గంటకు సుమారు 600 మిల్లీలీటర్లు సరిపోతాయి. చల్లని తెల్లవారుజామున 450, మధ్యాహ్నం ఎండలో 700 అనుకోవచ్చు. ఇది ఇతని లెక్క మాత్రమే. పక్కనున్న స్నేహితుడి చెమట దీనికి సగమే ఉండవచ్చు, రెట్టింపైనా ఉండవచ్చు. ఒకరి లెక్క మరొకరికి పనికిరాదు.

ఉప్పు ఎందుకు?

చెమట వట్టి నీరు కాదు. ఒక లీటరు చెమటలో సుమారు ఒక గ్రాము సోడియం పోతుంది. సోడియం అంటే మనం తినే ఉప్పులో ఉండే లవణమే. రోజంతా చెమట పోస్తూ మంచినీళ్ళు మాత్రమే ఎక్కువగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. అప్పుడు మెదడు వాస్తుంది.

2002లో అమెరికాలోని బోస్టన్ మారథాన్ పరుగులో పాల్గొన్న 488 మందికి రక్తపరీక్ష చేశారు. వారిలో 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉంది. పరుగులో బరువు పెరిగినవారిలో, అంటే పోయిన దానికంటే ఎక్కువ తాగినవారిలో, ఇది ముఖ్యంగా కనిపించింది.

అందుకని రెండు సీసాల్లో ఒకటి మంచినీళ్ళు, ఒకటి ఉప్పు-చక్కెర నీళ్ళు పెట్టుకోవాలి. లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన ఆరు టీ స్పూన్ల పంచదార, తలకొట్టిన అర టీ స్పూను ఉప్పు కలిపితే చాలు. నిమ్మరసం పిండుకోవచ్చు. మందుల షాపులో దొరికే ఓ.ఆర్.ఎస్. పొడి ఇంకా మంచిది, కాని పాకెట్టు మీద రాసినంత నీటిలోనే కలపాలి. తియ్యని పానీయాలకు ఓ.ఆర్.ఎస్. అని పేరు పెట్టి అమ్మడంపై హైదరాబాదుకు చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉందో లేదో చూసుకోండి.

కొబ్బరినీళ్ళు మంచివే. వాటిలో పొటాషియం బాగా ఉంటుంది, కాని చెమటలో పోయిన సోడియానికి అవి చాలవు. బోండాంతో పాటు ఉప్పు ఉన్న తిండి ఏదైనా తినాలి. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, ఉప్పు నిమ్మకాయ సోడా మన దారుల్లో సులువుగా దొరుకుతాయి.

తిండి: ఆకలి వేయకముందే కొంచెం కొంచెం

కండరాలలో, కాలేయంలో నిల్వ ఉండే పిండిపదార్థం కొన్ని గంటల తొక్కుడుకే తరిగిపోతుంది. అది అయిపోయినప్పుడు కాళ్ళు ఒక్కసారిగా బరువెక్కుతాయి, చేతులు వణుకుతాయి, చిరాకు వస్తుంది. అప్పుడు తిన్నా తేరుకోవడానికి సమయం పడుతుంది. కనుక మొదటి గంట నుంచే తినడం మొదలుపెట్టాలి. మామూలు వేగంతో తొక్కేవారికి గంటకు 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం చాలు. మధ్యరకం అరటిపండులో సుమారు 20 నుంచి 25 గ్రాములు, ఒక ఇడ్లీలో పది, పన్నెండు గ్రాములు ఉంటుంది. అంటే గంటకు రెండు అరటిపళ్ళు, లేదా మూడు ఇడ్లీలతో పాటు చిన్న బెల్లం ముక్క. ఇంత తక్కువా అనిపిస్తుంది, కాని సైకిలు మీద ఉన్న కడుపు ఒకేసారి ఎక్కువ పట్టలేదు.

పూరీ, బజ్జీ, మసాలా కూరలు తింటే నూనె వల్ల కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది. వంగి తొక్కేటప్పుడు తేన్పులు, వాంతి వస్తాయి. చేపల పులుసుతో కడుపునిండా భోజనం ఇంటికి వచ్చాకే.

ఒక రోజు ప్రణాళిక

మన 65 కిలోల యువకుడు శీతాకాలంలో ఒకరోజు నరసాపురం నుంచి పాలకొల్లు, పెనుగొండ, రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్ళి తిరిగి వస్తాడనుకుందాం. రానూపోనూ సుమారు 160 కిలోమీటర్లు. గంటకు 20 చొప్పున ఎనిమిది గంటల తొక్కుడు, మధ్యలో రెండున్నర గంటలకు పైగా ఆగడం.

తెల్లవారుజామున నాలుగుంబావుకు ఇంట్లో నాలుగు ఇడ్లీలు, ఒక పెద్ద గ్లాసు నీళ్ళు. ఐదు గంటలకు బయలుదేరాలి. పాలకొల్లులో ఆగనవసరం లేదు, అక్కడికి చేరేలోపే సీసా ఎత్తి నాలుగు గుటకలు వేయాలి. తరువాత ప్రతి పావుగంటకు అలాగే.

ఆరున్నరకు పెనుగొండ. హోటలులో వేడి ఇడ్లీలు మూడు, సాంబారుతో. సాంబారులో ఉప్పు ఉంటుంది కనుక పచ్చడి కంటే అదే ఎక్కువ వేయించుకోవాలి. కావాలంటే టీ తాగవచ్చు. సిద్ధాంతం వంతెన దాటి ఏడూ నలభైకి రావులపాలెం చేరతాడు. అక్కడి అరటి మార్కెట్టు పేరున్నదే. నాలుగు పళ్ళు కొని రెండు తిని, రెండు జేబులో పెట్టుకోవాలి.

పదిగంటల లోపు రాజమండ్రి. నూనె తక్కువ వేసిన అట్లు రెండు, ఒక పండు, ఉప్పు మజ్జిగ. ఇక్కడ మూత్రం రంగు గమనించాలి. లేత పసుపు ఉంటే లెక్క సరిగానే నడుస్తోంది. ముదురు రంగులో కొద్దిగానే వస్తే తాగడం తక్కువైందని అర్థం. తిరుగు ప్రయాణంలో ఎండ ఎక్కువ కనుక ఇక గంటకు 700 మిల్లీలీటర్ల లెక్క.

పన్నెండు దాటాక మళ్ళీ రావులపాలెం. అప్పుడే వండిన అన్నం సగం భోజనం మేర, పప్పు, ఉప్పు కలిపిన పెరుగు. నీడలో గంటసేపు కూర్చోవాలి. పెనుగొండలో చెరకురసమో, నిమ్మకాయ సోడా, బిస్కెట్లో తీసుకుని మూడూ నలభై ప్రాంతంలో ఇంటికి చేరవచ్చు. మొత్తం తాగినది ఐదు లీటర్లకు దగ్గరగా ఉంటుంది.

ఇంటికి రాగానే మళ్ళీ బరువు చూడాలి. ఒకటిన్నర కిలోల దాకా తగ్గితే ఫరవాలేదు. అంతకంటే బాగా తగ్గితే వచ్చేసారి ఇంకొంచెం తాగాలి. బరువు పెరిగి ఉంటే మాత్రం తాగడం ఎక్కువైనట్టే.

హోటళ్ళలో జాగ్రత్త

వేడిగా, కళ్ళముందు వండినదే తినాలి. ఉదయం వండి గిన్నెలో అలాగే ఉంచిన అన్నంలో, కొబ్బరి పచ్చడిలో క్రిములు పెరుగుతాయి. విరేచనాలు పట్టుకుంటే చెమటతో పోయే నీటికి ఇది తోడవుతుంది. చెరకురసంలో ఐసు వద్దనాలి. మన ప్రాంతంలో చేపలు, రొయ్యల నిల్వకోసం చేసే ఐసు తాగేందుకు ఉద్దేశించింది కాదు. సీసాలు నింపుకోవడానికి సీలు తీయని నీళ్ళే కొనాలి.

ఏది ఏ జబ్బో గుర్తించడం

తోటివారికి, ఇంట్లోవారికి ఇది చాలా ముఖ్యం. దాహం, ఎండిన నోరు, ముదురు మూత్రం, లేస్తే కళ్ళు తిరగడం ఉంటే నీరు తక్కువైంది. నీడలో పడుకోబెట్టి ఓ.ఆర్.ఎస్. కొద్దికొద్దిగా పట్టించాలి.

చేతులు వణకడం, చల్లని చెమట, తిక్కతిక్కగా మాట్లాడటం ఉండి చాలాసేపటి నుంచి తినకపోతే చక్కెర తగ్గింది. బాగా స్పృహలో ఉండి మింగగలిగితే వెంటనే బెల్లమో, పంచదార నీళ్ళో ఇవ్వాలి. పది, పదిహేను నిమిషాల్లో తేరుకుంటాడు. తేరుకోకపోతే ఆస్పత్రికి తీసుకురండి.

కడుపు ఉబ్బరం, వేళ్ళు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, పెరిగిపోయే తలనొప్పి, వాంతులు, ఉదయం నుంచి సీసాల మీద సీసాలు మంచినీళ్ళు తాగిన చరిత్ర ఉంటే సోడియం తగ్గిందని అనుమానించాలి. అతనికి ఇంకా మంచినీళ్ళు తాగించడమే అసలైన ప్రమాదం. తాగడం ఆపించి ఆస్పత్రికి తీసుకురండి. ఎంత తాగాడో డాక్టరుకు తప్పక చెప్పండి. తికమక, ఫిట్సు వస్తే ఒక్క నిమిషం కూడా ఆగవద్దు, 108కి ఫోను చేయండి.

ఒళ్ళు నిప్పులా కాలుతూ తికమకగా మాట్లాడితే అది వడదెబ్బ. 108 వచ్చేలోగా బట్టలు వదులు చేసి ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసరాలి.

చివరగా రెండు మాటలు. ఒళ్ళు నొప్పులని దారిలో నొప్పి మాత్రలు వేసుకోవద్దు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాలకు దెబ్బ. బి.పి.కి, చక్కెర వ్యాధికి, గుండెకు, కిడ్నీకి మందులు వాడేవారు పైన చెప్పిన ఉప్పు, చక్కెర లెక్కలను సొంతంగా పాటించవద్దు. ఇన్సులిన్ మోతాదు, నీరు పోయే మాత్రలు ఆ రోజు మార్చవలసి రావచ్చు. బయలుదేరే వారం ముందు మందుల చీటీతో డాక్టరును కలవండి.